చీర కట్టే ముందే చెప్పులు

పెళ్లికి వెళ్లేటప్పుడు చీర కట్టుకుని, నగలు పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటాం. ఆ వరుస తిరగేయాలి. వేసుకోబోయే చెప్పులతోనే నిలబడి కుచ్చిళ్లు పోసుకోవాలి. ఒట్టి కాళ్లతో కట్టి తర్వాత మూడంగుళాల హీల్స్ వేస్తే చీర అంచు అంత మేరా పైకి లేచి మడమలు బయటపడతాయి. హీల్స్‌తో కట్టి మండపం దగ్గర విప్పేస్తే అదే అంచు నేల మీద పడి, కుచ్చిళ్లు కాలి కింద నలుగుతాయి.

అందుకే పగటి ముహూర్తానికి పట్టుచీరతో పల్చటి అడుగున్న, బకిల్ లేని చెప్పులే మేలు. విప్పినా చీర పొడవు మారదు. సాయంత్రం రిసెప్షన్‌కు షిఫాన్, జార్జెట్ చీరలతో హీల్స్ బాగుంటాయి. విందు పచ్చిక మీదైతే సన్నని హీల్ మట్టిలో దిగిపోతుంది, వెడల్పాటి బ్లాక్ హీల్ తీసుకోండి. రాళ్లు పొదిగిన పట్టీలు మాత్రం వద్దు. ఫాల్ దారాల్ని పట్టి లాగేస్తాయి.

మగవాళ్ల లెక్క సులువు. కాటన్ కుర్తాకు పగలు కొల్హాపురి, సాయంత్రం సిల్కు కుర్తాకు మోజరీ. ఫార్మల్ ప్యాంటుకు పగలు గోధుమరంగు బూట్లు, రాత్రి నల్లవి. బెల్టుదీ అదే రంగు. సాక్స్ రంగు ప్యాంటుతో కలవాలి. తెల్ల సాక్స్ ఆటలకే ఉంచండి.