ఆ ఎర్ర దీపం ఎప్పట్నుంచి వెలుగుతోంది?

ఆయుధపూజ కోసం ఆ దాణా మిల్లులో మెయిన్ స్విచ్ దింపారు. ప్యానెళ్ల దుమ్ము దులిపి, గుమ్మడికాయ కొట్టి, యంత్రాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు. కంట్రోల్ ప్యానెల్‌కు యూపీఎస్ ఉంది కాబట్టి మామూలు కరెంటు కోతలకు అది ఆగేది కాదు. ఈసారి మాత్రం తుడవడానికని యూపీఎస్ కూడా ఆపేశారు. దశమి మర్నాడు పొద్దున స్విచ్ ఎత్తితే మోటార్లకు కరెంటు వచ్చింది, కంప్యూటర్ తెర వెలిగింది, మిల్లు మాత్రం కదల్లేదు. నన్ను పిలిచారు.

మిల్లును నడిపేది పీఎల్‌సీ, అంటే ప్యానెల్లో రైలు పట్టీ మీద బిగించిన చిన్న కంప్యూటర్. అక్కడున్నది సీమెన్స్ ఎస్7-300 రకంలో పాతది, ముందుభాగంలో బ్యాటరీ పెట్టుకునే తరం. తాళంచెవి RUN మీదికి తిప్పితే పచ్చ దీపం కాసేపు మినుకుమినుకుమని, ఒక్క క్షణం నిలకడగా వెలిగి ఆరిపోతోంది. వెంటనే పసుపు STOP దీపం వస్తోంది. దానితోపాటు రెండు ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి, ఒకటి SF, రెండోది BATF.

"ఈ కింది ఎర్ర దీపం ఇప్పుడే వచ్చిందా?" అని ఆపరేటర్‌ని అడిగాను.

"లేదండీ, అది ఎప్పట్నుంచో వెలుగుతోంది. మిల్లు నడుస్తోంది కదా అని ఊరుకున్నాం."

సగం సంగతి ఆ మాటలోనే తెలిసిపోయింది. BATF అంటే బ్యాటరీ సరిగా లేదని. ఈ రకం పీఎల్‌సీలో నడిచే ప్రోగ్రాం ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్ పలక లాంటిదనుకోండి, కరెంటు పోతే రాత చెరిగిపోతుంది. కరెంటు లేని గంటల్లో ఆ రాతను కాపాడడం బ్యాటరీ ముఖ్యమైన పని. కరెంటు ఉన్నంతసేపూ బ్యాటరీ చచ్చినా మిల్లు నడుస్తుంది, తేడా కనబడదు. అందుకే బ్యాటరీ ఏ నెలలో చచ్చినా అది బయటపడేది స్విచ్ దింపి ఎత్తిన రోజునే. ఇక్కడ యూపీఎస్ మంచి చేస్తూనే ఈ చావును కప్పిపెట్టింది.

కానీ బ్యాటరీ చచ్చి ప్రోగ్రాం పోతే కనబడే లక్షణం వేరు. ర్యామ్ ఖాళీ అయి, వేరే ప్రతి కూడా లేకపోతే పసుపు STOP దీపం రెండు సెకన్లకోసారి నెమ్మదిగా మిణుకుతుంది. జ్ఞాపకశక్తి తుడిచి కొత్తగా మొదలుపెట్టమని పీఎల్‌సీ అడుగుతున్న సైగ అది. ఇక్కడ STOP నిలకడగా వెలుగుతోంది. పైగా తాళంచెవి తిప్పినప్పుడు పచ్చ దీపం ఒక్క క్షణం నిలబడింది. అంటే లోపల ఏదో ప్రోగ్రాం ఉంది, అది మొదలై, ఎక్కడో తట్టుకుని పడిపోతోంది. మిణుకుతున్నదా, నిలకడగా ఉన్నదా అన్నది ఒక్క నిమిషం నిలబడి చూడడం ఈ పనిలో మొదటి మెట్టు. చాలామంది ఇక్కడే తొందరపడి తాళంచెవిని MRES వైపు తిప్పేస్తారు. అది లోపలున్నదాన్ని తుడిచేసే మీట. లోపల ఏముందో చదవకుండా దాన్ని ముట్టుకోకూడదు. అందులో మిగిలిన ప్రతి ఒక్కటే ఆఖరిది కావచ్చు.

లాప్‌టాప్ తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో Module Information తెరిచి, Diagnostic Buffer చూశాను. పీఎల్‌సీ తనకు జరిగినవన్నీ రాసుకునే దినచర్య పుస్తకం అది. సరికొత్త సంగతి పైన ఉంటుంది. పైవరసలో ఇలా ఉంది:

```
STOP caused by I/O access error
(OB not loaded or not possible)
```

దాని కిందివరసలో వివరం ఉంది. 288 చిరునామా నుంచి చదవబోతే అక్కడ కార్డు లేదట. ఆ గడియారంలో సమయం కూడా వెనకబడి ఉంది. బ్యాటరీ పని చేయలేదనడానికి అది రెండో సాక్ష్యం.

288 అన్న అంకె ఊరికే రాదు. ఈ రకం పీఎల్‌సీలో రైలు పట్టీ మీద నాలుగో స్థానంలోని అనలాగ్ కార్డుకు మామూలుగా 256, అయిదో స్థానానికి 272, ఆరో స్థానానికి 288 చిరునామాలు వస్తాయి. ప్యానెల్లోకి చూస్తే అయిదో స్థానం దగ్గరే కార్డులు అయిపోయాయి. ఆరో కార్డు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇక్కడేముండేది?" అంటే మిల్లు ఎలక్ట్రీషియన్ గుర్తు చేసుకున్నాడు. "మొదట్లో తేమ కొలిచే సెన్సార్ ఉండేది సార్. అది పనికిరావట్లేదని కార్డుతో సహా తీసేశారు. అప్పుడొచ్చిన ఇంజనీరు ప్రోగ్రాంలో ఆ లైను కూడా తీసేశారు. ఆ తర్వాత బాగానే నడిచింది."

ప్రోగ్రాంలో చూస్తే ఆ లైను భేషుగ్గా ఉంది:

```
L PIW 288
T MW 40
```

తీసేసిన లైను మళ్లీ ఎలా వచ్చింది? పీఎల్‌సీ ముందువైపు చిన్న గాడిలో ఒక మెమరీ కార్డు ఉంది. అది కరెంటు లేకున్నా చెరగని ఫ్లాష్ రకం, రాగిరేకు మీద చెక్కినట్టు. మిల్లు మొదలుపెట్టినప్పుడు ఎవరో ముందుచూపుతో ప్రోగ్రాం దాంట్లో రాసిపెట్టారు. తర్వాత మార్పులు చేసినవారు ర్యామ్‌లో, అంటే పలక మీద, మాత్రమే మార్చి వెళ్లారు. కార్డులో మొదటి ప్రతి అలాగే ఉండిపోయింది. బ్యాటరీ బాగున్నంత కాలం పలక మీది రాతే నడిచింది. బ్యాటరీ చచ్చి కరెంటు పోయేసరికి పలక చెరిగిపోయింది. తిరిగి కరెంటు రాగానే పీఎల్‌సీ తనంతట తనే కార్డులోంచి పాత ప్రోగ్రాం ఎత్తుకుంది. అది లేని కార్డును చదవబోయి, అలాంటి తప్పును పట్టుకునే OB122 అనే బ్లాకు ప్రోగ్రాంలో లేక, ఆగిపోయింది.

ఆ బ్లాకు ఖాళీగా పెట్టినా పీఎల్‌సీ ఆగదు. కొందరు అదే చిట్కాగా చెబుతారు. ఇక్కడ ఆ పని చేసి ఉంటే మిల్లు నడిచేదే, కాకపోతే ఏళ్ల కిందటి ప్రోగ్రాంతో, పాత తూకాలతో నడిచేది. ఆగిపోవడమే మేలైంది.

ఇక బ్యాటరీ. తీసి మల్టీమీటర్ పెడితే 3.5 వోల్టులు చూపించింది. పేరున్న వోల్టేజి 3.6. "బాగానే ఉంది కదండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఇది చాలామందిని మోసం చేసే చోటు. ఈ లిథియం సెల్ స్వభావమే అది. బరువు మోయనంతసేపు, దాదాపు ఖాళీ అయ్యేదాకా, వోల్టేజి అలాగే నిలబడుతుంది. సెల్‌కు వెయ్యి ఓముల రెసిస్టర్ అడ్డంగా పెట్టి మూడున్నర మిల్లీఆంపియర్ల దాకా లాగితే అసలు రంగు బయటపడింది. అంకె 3 కిందికి జారిపోయి మళ్లీ లేవలేదు. కొత్త సెల్ కూడా చాలాకాలం డబ్బాలో ఉంటే లోపల ఒక పొర కట్టి, మొదటి క్షణాల్లో వోల్టేజి కొంచెం పడుతుంది, కానీ కాసేపటికి కోలుకుంటుంది. పడి లేచేదీ పడి లేవనిదీ వేరని గుర్తుపెట్టుకోవాలి. ఈ సెల్‌ని చార్జ్ చేయడం, దాని మీద సోల్డర్ పెట్టడం ప్రమాదం.

కొత్తది పెట్టేటప్పుడు కరెంటు ఆన్‌లోనే ఉండాలి. మామూలుగా మనకు యంత్రం ఆపి పని చేయడం అలవాటు, ఇక్కడ అది తలకిందులు. ఆపి బ్యాటరీ తీస్తే బతికున్న ర్యామ్ కూడా పోతుంది. ఈ తరానికి ఏడాదికోసారి బ్యాటరీ మార్చమని తయారీదారు సలహా. సెల్‌కు వైరుతో చిన్న ప్లగ్ ఉంటుంది. అది లోపలి దాకా నొక్కకపోతే కొత్త సెల్ పెట్టినా BATF ఆరదు. ఆ రోజు మాకు మొదటిసారి ఆరలేదు కూడా, ప్లగ్ మళ్లీ నొక్కితే ఆరింది.

సరైన ప్రోగ్రాం ఎక్కడ? మిల్లు ఆఫీసు బీరువాలో పాత లాప్‌టాప్ ఒకటి దొరికింది. అందులో ప్రాజెక్టు తెరిచి బ్లాకుల తేదీలు చూస్తే, తేమ సెన్సార్ తీసేసిన తర్వాతివే. అందులో PIW 288 లైను లేదు. అది పీఎల్‌సీలోకి దించాం, పచ్చ దీపం నిలిచింది. కానీ ఏ దాణాకు మొక్కజొన్న ఎంత, తవుడు ఎంత, చెక్క ఎంత అన్న తూకాల అంకెలు ఆ ప్రాజెక్టులో మొదటి రోజువి. రోజూ తెర మీద మార్చినవి ర్యామ్‌తోపాటే పోయాయి. వాటిని కాపాడింది ఆపరేటర్ దగ్గరున్న డైరీ. మారిన ప్రతిసారీ బాల్ పెన్నుతో రాసిపెట్టుకునేవాడట. ఒక్కొక్కటీ చదువుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. ఒక పేజీ మీద నూనె మరక పడి ఒక అంకె 3 అయినా 8 అయినా కావచ్చనిపించింది. ఆ దాణా మాత్రం మేనేజరు ఫోనులో చెప్పాక నడిపాం.

తర్వాత పీఎల్‌సీని STOP లో పెట్టి, PLC మెనూలో Download User Program to Memory Card ద్వారా కార్డులో కొత్త ప్రోగ్రాం రాశాం, తూకాల అంకెలు కూడా మొదటి విలువలుగా అందులోనే చేర్చాం. కార్డును బయటికి లాగడం, పెట్టడం మామూలు పని కాదు. అలా చేస్తే పీఎల్‌సీ మెమరీ తుడవమని అడిగి STOP దీపం మిణుకుతుంది. అది కొత్త రోగం అనుకుని కంగారుపడేవాళ్లున్నారు.

పని అయిందనుకునే ముందు రెండు పరీక్షలు చేశాం. మొదట బ్యాటరీ ఉండగా కరెంటు అయిదు నిమిషాలు ఆపి ఇచ్చాం, నడిచింది. రెండోసారి బ్యాటరీ ప్లగ్ ఊడదీసి ఆపి ఇచ్చాం. BATF వెలిగింది, పీఎల్‌సీ కార్డులోంచి ఎత్తుకుని ఈసారి నిలకడగా RUN లోకి వచ్చింది. రెండో పరీక్ష లేకపోతే కార్డు సంగతి మళ్లీ ఏ దసరాకో తెలిసేది.

దీని తర్వాతి తరంలో బ్యాటరీయే లేదు. ప్రోగ్రాం చిన్న మైక్రో మెమరీ కార్డులో ఉంటుంది, అది లేకపోతే పీఎల్‌సీ నడవదు. కరెంటు పోయి వచ్చాక అలాంటిది ఆగితే బ్యాటరీ వెతకడం దండగ. కార్డు గాడిలో సరిగా ఉందా, దినచర్య పుస్తకం పైవరసలో ఏముందో చూడాలి.

సాయంత్రం బయల్దేరుతుంటే ఎలక్ట్రీషియన్ ప్యానెల్ తలుపు లోపలివైపు స్టిక్కర్ అంటించి బ్యాటరీ మార్చిన తేదీ రాస్తున్నాడు. "కింది గీత ఖాళీగా ఉంచాను సార్, వచ్చే దసరాకి" అన్నాడు. కరెంటు ఆపకుండా మార్చాలని కూడా రాయమన్నాను.