లింకు ఎందుకు పెట్టారో గూగుల్‌కు చెప్పడం ఎలా?

2012 జనవరిలో గూగుల్ తన సొంత బ్రౌజర్ మీదే వేటు వేసింది. క్రోమ్ ప్రచారం కోసం ఒక ఏజెన్సీ ద్వారా కొందరు బ్లాగర్లకు డబ్బు ఇచ్చి ఒక వీడియో పెట్టించారు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన కింగ్ ఆర్థర్ ఫ్లోర్ అనే పాత పిండి కంపెనీ ఇంటర్నెట్ తోడుతో వ్యాపారం ఎలా పెంచుకుందో చూపే వీడియో అది. అంతవరకూ చిక్కేమీ లేదు. కానీ ఆ బ్లాగుల్లో ఒకదాంట్లో, వీడియోతో పాటు క్రోమ్ డౌన్‌లోడ్ పేజీకి మామూలు లింకు కూడా ఉంది. డబ్బు తీసుకుని రాసిన పోస్టులో ఆ లింకుకు ఉండాల్సిన ఒక్క మాట లేదు. ఆ మాట nofollow. దాంతో గూగుల్ స్పామ్ విభాగం క్రోమ్ పేజీని కనీసం 60 రోజుల పాటు సెర్చి ఫలితాల్లో కిందికి దించింది. బ్రౌజర్ కోసం వెతికినవాళ్లకు మొదటి పేజీలో క్రోమ్ సైటు కనిపించకుండా పోయింది.

ఒక్క లింకుకు ఇంత రాద్ధాంతం ఎందుకో తెలియాలంటే గూగుల్ లింకును ఏ కంటితో చూస్తుందో తెలియాలి. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ప్రతిపాదించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో లింకంటే సిఫార్సు. ఒక పేజీ మరో పేజీకి లింకు ఇచ్చిందంటే అక్కడ చూడదగింది ఏదో ఉందని చెప్పినట్టే. అలాంటి సిఫార్సులు ఎన్ని వచ్చాయి, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి అన్నదాన్ని బట్టి పేజీకి విలువ కట్టేవారు. ఈ సంగతి బయటికి పొక్కగానే సిఫార్సులకు బేరాలు మొదలయ్యాయి. బ్లాగుల కింద వ్యాఖ్యల్లో మందుల షాపుల లింకులు, జూదం సైట్ల లింకులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. ఆ వరదకు అడ్డుకట్టగా 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి nofollow తెచ్చాయి. లింకు కోడ్‌లో ఆ మాట ఉంటే దాన్ని సిఫార్సుగా లెక్కలోకి తీసుకోబోమన్నది దాని అర్థం.

పద్నాలుగేళ్లు ఆ ఒక్క మాటతోనే పని నడిచింది. ఇబ్బంది ఏమిటంటే, డబ్బిచ్చి పెట్టించిన లింకుకీ, ఎవరో వ్యాఖ్యలో పడేసిన లింకుకీ, రాసినవాళ్లకే నమ్మకం లేని లింకుకీ అదే ముద్ర. 2019 సెప్టెంబరులో గూగుల్ ఈ మూడింటినీ విడదీసింది. ప్రకటన లేదా ప్రతిఫలం ఉన్న లింకుకు sponsored, పాఠకులు రాసిన వాటిలో ఉండే లింకుకు ugc, ఈ రెండింటిలోకీ రాకుండా, సిఫార్సుగా మాత్రం చూడొద్దు అనుకునే లింకుకు nofollow. ఏ ముద్రా లేని లింకు ఎప్పట్లాగే సిఫార్సు కింద చెల్లుతుంది.

వీటిలో ఏది వాడాలో తేల్చుకోవడానికి ఒక పోస్టును దగ్గరగా చూద్దాం. కాకినాడలో ఒకామె వంటల బ్లాగు నడుపుతున్నారనుకుందాం. పెసరట్టు పిండి రుబ్బుకోవడం గురించీ, తను వాడుతున్న వెట్ గ్రైండర్ గురించీ ఆమె ఒక పోస్టు రాశారు. అందులో నాలుగు లింకులున్నాయి. కింద వ్యాఖ్యల్లో మరొకటి ఉంది.

పెసల్లో మాంసకృత్తులు ఎంతో చెబుతూ ఆమె హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేజీకి లింకు ఇచ్చారు. దీనికి ఏ మాటా అక్కర్లేదు. తను చదివి, నమ్మి, పాఠకులను కూడా చూడమంటున్న లింకు ఇది. సిఫార్సు అంటే ఇదే. చాలామంది పొరపడేది సరిగ్గా ఇక్కడే. బయటి సైటు కదా అని భయపడి ఇలాంటి లింకుకు కూడా nofollow తగిలిస్తారు. కష్టపడి సమాచారం సేకరించి అందరి ముందూ పెట్టినవాళ్లకు దక్కాల్సిన గుర్తింపును ఊరికే ఆపేయడం తప్ప దానివల్ల బ్లాగుకు ఒరిగేదేమీ లేదు.

రెండో లింకు గ్రైండర్ కంపెనీది. కంపెనీ ఆ గ్రైండర్‌ను ఆమెకు ఉచితంగా పంపి, దాని గురించి రాసి లింకు ఇవ్వమంది. చేతికి రూపాయి రాలేదు కాబట్టి ఇది ప్రకటన కాదని ఆమెకు అనిపించవచ్చు. గూగుల్ లెక్క అది కాదు. ఉచితంగా వచ్చిన వస్తువు కూడా ప్రతిఫలమేనని 2016 మార్చిలోనే బ్లాగర్లకు వివరంగా చెప్పింది. అందుకని ఇక్కడ sponsored ఉండాలి. గ్రైండర్ నిజంగా బాగుందని ఆమె మనస్ఫూర్తిగా రాసినా ఇందులో మార్పు లేదు. మెచ్చుకోవడంలో నిజాయితీ ఉందా లేదా అన్నది ఈ ముద్ర అడగదు, ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందా అన్నదే అడుగుతుంది.

మూడోది ఆన్‌లైన్ దుకాణం లింకు. ఆ లింకు మీద నొక్కి ఎవరైనా కొంటే ఆమెకు కమీషన్ వస్తుంది. ఇదీ sponsored కిందికే వస్తుంది. దుకాణం వాళ్లు ఆమెను ఏమీ రాయమని అడగకపోయినా, కమీషన్ ఉంది కాబట్టి అంతే. కోడ్‌లో అది ఇలా కనిపిస్తుంది:

```
<a href="https://example.com/grinder" rel="sponsored">గ్రైండర్ ధర</a>
```

నాలుగో లింకు దగ్గర కాస్త ఆగాలి. పెసలు మొలకెత్తించి తింటే మధుమేహం పూర్తిగా పోతుందని ఒక సైటు రాసింది. అది తప్పని చెప్పడానికి ఆమె ఆ పేజీని చూపించాల్సి వచ్చింది. చూపించకపోతే ఏ మాటను ఖండిస్తున్నారో పాఠకులకు అర్థం కాదు. మామూలుగా లింకు ఇస్తే తప్పుడు పేజీకి సిఫార్సు రాసిచ్చినట్టు అవుతుంది. nofollow ఉన్నది ఇలాంటి సందర్భానికే.

ఇక వ్యాఖ్యల సంగతి. పిండి పులియకపోతే ఏం చేయాలో ఒక పాఠకురాలు రాసి, తన బ్లాగు లింకు కూడా ఇచ్చారు. దానికి ugc. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు దీని గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. 2019 నవంబరులో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వ్యాఖ్యల్లోని లింకులకు nofollow, ugc రెండూ దానంతటదే చేరుస్తోంది. ఇలా రెండు మాటలు పక్కపక్కనే ఉండొచ్చు, మధ్యలో ఖాళీ వదిలితే చాలు. ఆ వ్యాఖ్యలోనే ఎవరైనా కమీషన్ వచ్చే లింకు పెట్టారని తెలిస్తే ugc పక్కన sponsored కూడా చేర్చవచ్చు.

ముద్ర పొరపాటున మారితే ఏమవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఇక్కడ తప్పులన్నీ ఒకే బరువు కాదు. మామూలు లింకుకు sponsored పెడితే అవతలి పేజీకి రావాల్సిన విలువ రాకపోవచ్చు, అంతకు మించి జరిగేది లేదు. పాత పోస్టుల్లో కమీషన్ లింకులకు nofollow మాత్రమే ఉన్నా కూర్చుని అన్నీ తిరగరాయక్కర్లేదు. sponsored అయితే మేలు, nofollow అయినా చెల్లుతుందని గూగుల్ ఆనాడే చెప్పింది. డబ్బు చేతులు మారిన లింకును ఏ ముద్రా లేకుండా వదిలేయడం, లేదా ugc అని రాసి పాఠకుల లింకుల్లో కలిపేయడం మాత్రం అసలు తప్పు. అది గూగుల్ మనుషుల కంట పడితే సెర్చ్ కన్సోల్‌లో Unnatural links from your site అన్న హెచ్చరిక వస్తుంది. అప్పుడు లింకులన్నీ వెతికి సరిచేసి, మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టుకోవాలి.

ఏ గొడవా లేకుండా బయటి లింకులన్నిటికీ nofollow పెట్టేసే ప్లగిన్లు ఉన్నాయి. అలా చేస్తే తమ పేజీల విలువ బయటికి కారిపోకుండా ఉంటుందని ఒక నమ్మకం. ఈ నమ్మకానికి కాలం చెల్లి చాలా ఏళ్లయింది. ఒక పేజీ దగ్గర పది పాళ్ల విలువ ఉంది, పది లింకులు ఉన్నాయి, వాటిలో ఐదింటికి nofollow ఉంది అనుకుందాం. ఒకప్పుడు మిగతా ఐదు లింకులూ తలా రెండు పాళ్లు పంచుకునేవి. అందుకే కొందరు పనిగట్టుకుని లింకులు మూసి, విలువను తమకు కావలసిన పేజీల వైపు మళ్లించుకునేవారు. గూగుల్ ఆ లెక్క మార్చేసిందని అప్పటి స్పామ్ విభాగం అధిపతి మాట్ కట్స్ 2009 జూన్‌లో చెప్పారు. కొత్త లెక్కలో తెరిచి ఉన్న ఐదింటికీ తలా ఒక పాలే అందుతుంది. మూసేసిన ఐదింటి వాటా ఎవరికీ దక్కకుండా ఆవిరైపోతుంది.

ఇంకో మార్పు కూడా చాలామంది దృష్టికి రాలేదు. మొదట్లో nofollow అంటే ఆజ్ఞ. ఇప్పుడు ఈ మూడు మాటలూ గూగుల్‌కు సూచనలు మాత్రమే. ర్యాంకుల విషయంలో 2019 ప్రకటన నాటి నుంచీ, పేజీలను వెతికి జాబితాలో చేర్చే విషయంలో 2020 మార్చి 1 నుంచీ ఇదే అమల్లో ఉంది. అంటే nofollow పెట్టిన లింకు వెంట కూడా గూగుల్ వెళ్లొచ్చు. తన సైట్లోని ఏదైనా పేజీ సెర్చిలో కనిపించకూడదు అనుకునేవాళ్లు దానికి దారితీసే లింకులకు nofollow పెట్టి ఊరుకుంటే లాభం లేదు. ఆ పేజీలోనే noindex ఉండాలి.

ఇవన్నీ సెర్చి యంత్రం చదివే మాటలు, పాఠకుల కంటికి కనిపించవు. కాబట్టి sponsored పెట్టినంత మాత్రాన పాఠకులకు చెప్పినట్టు కాదు. డబ్బో వస్తువో అందుకుని పెట్టే పోస్టుల మీద ఆ సంగతి స్పష్టంగా కనపడేలా రాయాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు తెచ్చింది. కాకినాడ బ్లాగరు తన పోస్టు మొదట్లోనే గ్రైండర్ ఉచితంగా వచ్చిందని ఒక వాక్యం రాయాలి. కోడ్‌లో ముద్ర వేరు, ఈ వాక్యం వేరు. రెండూ కావాలి.

అంతా సరిగా పెట్టాక కూడా పని జరగకపోవచ్చు. తరచుగా ఎదురయ్యే కారణం కొటేషన్ గుర్తులు. కోడ్‌లోని rel భాగాన్ని వర్డ్ ఫైల్లో రాసుకుని అక్కడి నుంచి అతికిస్తే నిటారు గుర్తులు వంపు తిరిగిన గుర్తులుగా మారిపోతాయి. మన కంటికి రెండూ ఒకటే. బ్రౌజర్‌కు మాత్రం ఆ వంపు గుర్తులు కూడా మాటలో భాగమే. దాంతో అది sponsored కాకుండా అర్థం లేని వేరే మాట అయిపోతుంది, లింకు ఏ ముద్రా లేనట్టే మిగిలిపోతుంది. ఎక్కడా తప్పు చూపించదు, లింకు కూడా చక్కగా పనిచేస్తుంది. అందుకే ఇది ఏళ్ల తరబడి బయటపడదు.

పట్టుకోవడం తేలికే. పోస్టు ప్రచురించాక కంప్యూటర్లో ఆ పేజీ తెరిచి Ctrl+U నొక్కితే కోడ్ కనిపిస్తుంది. అందులో కంపెనీ పేరు వెతికి, ఆ లింకులో rel= తర్వాత ఏముందో చూడాలి. నిటారు గుర్తుల మధ్య sponsored అని ఉంటే సరిపోయినట్టే. కొత్త కిటికీలో తెరుచుకునే లింకుల్లో noopener అన్న మాట కనిపించవచ్చు. అది భద్రత కోసం పెట్టింది, సిఫార్సుతో దానికి సంబంధం లేదు. అది ఉంది కదా అని sponsored మానేయకూడదు.

వ్యాఖ్యల విషయంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఏళ్లుగా వచ్చి పొరపాట్లు దిద్దుతూ, ఉపయోగపడే మాటలు రాస్తూ ఉన్న పాఠకులు కొందరు ఉంటారు. అలా నమ్మకం కుదిరినవారి లింకుల నుంచి ugc తీసేసి మామూలు లింకులుగా ఉంచవచ్చని గూగులే చెబుతోంది. పిండి పులియడం గురించి రాసిన ఆ పాఠకురాలి బ్లాగును కాకినాడ బ్లాగరు తెరిచి చదివి, నచ్చితే తన తర్వాతి పోస్టులోనే ఆ బ్లాగు పేరు చెప్పి, ఏ ముద్రా లేకుండా లింకు ఇవ్వొచ్చు.