తలుపు మూయని 'వద్దు'
మా ఏరియూరులో అన్నయ్య కూతురికి బెంగళూరులో ఒక కంపెనీ ఉద్యోగమిచ్చింది. ఆ వారమే సేలంలోనూ ఒకటి దొరికింది. మంచానపడ్డ తండ్రికి సేలమే దగ్గర. బెంగళూరుకు వద్దంటూ రాసిన ఈమెయిల్ రెండు పేజీలు. అందులో తనకు ఒంట్లో బాగాలేదన్న అబద్ధం! "చిన్నాయనా, కాస్త చూడండి" అంది. బ్యాంకు ఉత్తరాలు దిద్దిన అలవాటుతో నాలుగు వాక్యాలే మిగిల్చాను:

"మీరిచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు. నాన్నగారి అనారోగ్యం వల్ల ఇంటికి దగ్గరగా సేలంలో చేరుతున్నాను కనుక, ఈ ఉద్యోగం స్వీకరించలేను. ఇంటర్వ్యూలో మీరు వివరించిన పని నాకు నచ్చింది. పరిస్థితి మారితే మళ్లీ దరఖాస్తు చేస్తాను."

'స్వీకరించలేను' అని తేల్చకపోతే ఆ ఖాళీ మరొకరికివ్వలేరు. అబద్ధమైతే, మళ్లీ వెళ్లిననాడు ఆరోగ్యం గురించే అడుగుతారు. చివరి వాక్యం నిజమేనా అని అడిగాను. "నిజమే" అంది. ఆ రాత్రే పంపించాం.