నక్షత్రాలు ముందు, సవరింపు తర్వాత

ఆర్ సాఫ్ట్‌వేర్‌తోపాటే `mtcars` అనే డేటా వస్తుంది. 1974లో ఒక అమెరికన్ మోటార్ పత్రిక 32 కార్ల గురించి ఇచ్చిన వివరాలవి. కారు బరువుకూ (వెయ్యి పౌండ్లలో), హార్స్‌పవర్‌కూ మైలేజీతో ఉన్న సంబంధాన్ని రిగ్రెషన్‌తో లెక్కకడితే, తెర మీద వచ్చేవాటిలో ముఖ్యమైన వరుసలు ఇవి:

```
    Estimate Std. Error t value Pr(>|t|)
wt  -3.87783    0.63273  -6.129 1.12e-06 ***
hp  -0.03177    0.00903  -3.519  0.00145 **
```

దీన్ని స్క్రీన్‌షాట్ తీసి థీసిస్‌లో అతికించేస్తుంటారు కొందరు. ఏపీఏ శైలి, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పద్ధతి, దానికి ఒప్పుకోదు. నిలువు గీతలు తీసేయాలి, చాలా అంకెలను రెండు దశాంశాలకు కుదించాలి. అసలు చిక్కు ఈ కుదింపులోనే ఉంది.

హార్స్‌పవర్ వరుసలో p విలువ 0.00145. మూడు దశాంశాలకు సవరిస్తే .001 అవుతుంది. (p ఒకటిని దాటదు కాబట్టి ఏపీఏలో బిందువుకు ముందు సున్నా రాయరు.) ఆ .001ని చూసి మూడు నక్షత్రాలు పెట్టేయడం తరచూ జరిగే తప్పు. మూడు నక్షత్రాలకు p విలువ .001 కన్నా తక్కువ ఉండాలి, ఇది ఎక్కువే. అందుకే నక్షత్రాలను అసలు అంకెను చూసి ముందే నిర్ణయించుకోవాలి.

బరువు వరుసలోని 1.12e-06 అంటే 0.00000112. దాన్ని p < .001 అని రాస్తే చాలు. ఎస్‌పీఎస్‌ఎస్ పాత వెర్షన్లు ఇలాంటి చిన్న విలువను .000 అని చూపించేవి. దాన్ని అలాగే దించి p = .000 అని రాయకూడదు, ఎందుకంటే ఆ విలువ నిజంగా సున్నా కాదు.

హార్స్‌పవర్ గుణకానిది మరో ఇబ్బంది. రెండు దశాంశాలకు కుదిస్తే -0.03, ప్రామాణిక దోషం 0.01. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే -3 వస్తుంది, తెర మీద t విలువేమో -3.519. ఇలా భాగించి చూస్తే కుదింపులో ఎంత పోయిందో ఇట్టే తెలిసిపోతుంది. నేనైతే దశాంశాలు పెంచకుండా కొలమానాన్నే మారుస్తాను. ఒక్కో హార్స్‌పవర్‌కు బదులు వందకు లెక్క చెబితే గుణకం -3.18, దోషం 0.90 అవుతాయి. t, p విలువలు మారవు, చదివేవారికీ అర్థమవుతుంది.

```
అంశం                      B         SE
స్థిరాంకం                   37.23***   1.60
బరువు (1000 పౌండ్లు)        -3.88***   0.63
హార్స్‌పవర్ (100)           -3.18**    0.90
```

*గమనిక.* N = 32. R² = .83.
\*\*p < .01. \*\*\*p < .001.

ఆర్ తన వివరణ వరుసలో 0.1 కన్నా తక్కువ విలువలకు ఒక చుక్క కూడా చూపిస్తుంది. ఏపీఏ పట్టికలో ఆ చుక్కకు చోటు లేదు. ఒంటి నక్షత్రం ఈ పట్టికలో ఎక్కడా రాలేదు కనుక గమనికలోనూ దాన్ని రాయలేదు. ప్రతి వరుసకూ కచ్చితమైన p విలువ ఇచ్చే పట్టికలో అసలు నక్షత్రాలే అక్కర్లేదు.