బకెట్‌కు గ్రాము ఇసుక

కుళాయి తిప్పితే నీళ్లతో పాటు ఇసుక రాలుతోందంటే చాలామంది ముందు కుళాయికి గుడ్డ కడతారు, తర్వాత మోటారు మార్పిస్తారు. రెండింటికంటే ముందు చేయాల్సింది తూకం. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లకు కొదవలేదు కాబట్టి గ్రాములో వందోవంతు చూపే తక్కెడ దొరకడం కష్టమేమీ కాదు.

నీళ్లు కుళాయి దగ్గర పట్టకూడదు. ట్యాంకు అడుగున పేరుకున్న పాత ఇసుక లెక్కను తప్పిస్తుంది. బోరు డెలివరీ పైపు దగ్గరే 20 లీటర్ల బకెట్ నింపి, అరగంట కదపకుండా ఉంచి, పైనీళ్లు మెల్లగా వంచేయాలి. అడుగున మిగిలింది ఆరబెట్టి తూచాలి. సాధారణ సబ్‌మెర్సిబుల్ పంపులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అంటే బకెట్‌కు 1 గ్రాము, రెండు మూడు చిటికెలంత. ఇంటి వాడకానికి మంచి బోరు నుంచి ఆశించేది లీటరుకు 5 మిల్లీగ్రాములే.

ఒక గ్రాముకే ఇంత హడావుడా అనిపిస్తే ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఆ బకెట్ 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు. రోజుకు 3 గంటలు మోటారు వేస్తే 18,000 లీటర్లు, దాంతో 900 గ్రాముల ఇసుక. ఏడాదికి 328 కిలోలు, అంటే సుమారు 205 లీటర్లు: ఒక పెద్ద డ్రమ్ము నిండుగా. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతుకు పట్టేది 21 లీటర్లే. ఆ ఇసుక ఎక్కడి నుంచో ఊడి వచ్చింది, అక్కడ అంత గుల్ల పడింది. ఆ గుల్ల కేసింగ్ పక్కనే ఉంటే పైపుకు ఆసరా పోతుంది, అతుకు జారుతుంది. బోరు చుట్టూ గచ్చు కుంగడం దాని ఆనవాలు.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రవ్వలే చెబుతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దగ్గర పెన్నా ఒడ్డున ఒండ్రులో వేసిన బోర్లకు చీలికల పైపు, దాని చుట్టూ గులకరాళ్ల పొర ఉండాలి. బయటి ఇసుక 0.3 మిల్లీమీటర్లయితే ఆ గులకలు దానికి 4 నుంచి 6 రెట్లు, అంటే 1.2 నుంచి 1.8 మిల్లీమీటర్లు ఉండాలి. చాలాచోట్ల ఇంత చూసి వేయరు, చేతికి దొరికిన కంకర పోసేస్తారు. ఇనుప జల్లెడ పైపైతే తుప్పుకు చీలికలు వెడల్పై, ఆ సందుల్లోంచి నదీ ఇసుక దూరుతుంది. చేతికి నున్నగా, అంచులు అరిగి తగిలే రవ్వ అదే.

నదికి దూరంగా కథ వేరు. అక్కడ కేసింగ్ పైమట్టి, మెత్తరాయి దాటి గట్టిరాయి తగిలే వరకే, కింద ఒట్టి రంధ్రం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నార్జి సున్నపురాయి. దాని రవ్వల మీద, ఆరుబయట జాగ్రత్తగా, బాత్‌రూమ్ యాసిడ్ ఒక్క చుక్క వేస్తే నురగ వస్తుంది. పులివెందుల పక్క డోలమైటు, పలకరాయి, ఆ ఊరి పేరే పెట్టిన గట్టి పులివెందుల క్వార్ట్‌జైట్ ఉన్నాయి. కోసుగా, పలుకుల్లా ఉన్న రవ్వయితే బోరు గోడ రాలుతోందని అర్థం. ఎర్రమట్టో నల్లరేగడో కలిసి వస్తే పైనున్న కేసింగ్ పగిలిందనో, అది గట్టిరాయిలో సరిగా కూర్చోలేదనో అనుమానించాలి.

పంపు అరుగుదల కూడా ఈ రవ్వ రకాన్ని బట్టే. గట్టిదనం కొలమానంలో సున్నపురాయి ఖనిజానిది 3, నదీ ఇసుకలోని క్వార్ట్‌జ్‌ది 7. క్వార్ట్‌జ్ స్టీలునే గీరుతుంది, ప్లాస్టిక్ ఇంపెల్లర్లు ఒక లెక్కా? ఇంపెల్లర్‌కూ గిన్నెకూ మధ్య సందు పెరిగి, ఎక్కిన నీరు లోపలే వెనక్కి జారుతుంది. 12 సెకన్లలో నిండిన బకెట్‌కు 18 పడితే మూడో వంతు పోయినట్టే. అయితే నీటిమట్టం దిగినా ఇలాగే జరుగుతుంది, కాబట్టి మట్టం కొలవకుండా పంపును నిందించకూడదు.

తూకం మోటారు వేసిన 1వ నిమిషంలో, 15వ నిమిషంలో, గంటకు, మూడుసార్లు వేయాలి. మొదట వచ్చి తగ్గిపోతే అడుగున పేరుకున్నదే, కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చాలవచ్చు. చివరిదాకా ఒకే తీరుగా వస్తే జల్లెడ లేదా కేసింగ్. చాలాసేపటికి, మట్టం దిగాక మొదలైతే వాల్వు కొద్దిగా మూసి డిశ్చార్జి తగ్గించి మళ్లీ తూచాలి. చీలికల దగ్గర నీటి వేగం తగ్గితే ఇసుక కదలడం తగ్గుతుంది. మరీ బిగించేస్తే మోటారు చల్లబడదు.

కేసింగ్ మీద అనుమానం ఉంటే పంపు తీయించి బోరు కెమెరా దింపించాలి. పగులు కనబడితే లోపల సన్నని పీవీసీ పైపు లైనరుగా దింపుతారు. అప్పుడు 6 అంగుళాల పంపు పట్టదు, 4 అంగుళాలదే దిగుతుంది, ఆ మేరకు నీళ్లు తగ్గవచ్చు. కేసింగ్ వంగిపోయి ఉంటే ఆ పైపు కూడా దిగదు, కొత్త బోరే గతి. కొత్త పంపు కొనేది లైనరు దింపి, ఫ్లషింగ్ చేసి, పాత పంపుతోనే మళ్లీ తూచాక. బకెట్‌కు పదో వంతు గ్రాము దగ్గరికి దిగితే అప్పుడు.