ఎస్‌ఓపీలో మూడు బకెట్ల నీళ్లు

సివిల్ బీటెక్ అయ్యాక రెండేళ్లు సైట్‌లో పనిచేసి, ఎంఎస్‌కి అప్లై చేసేవాళ్ల స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లు చాలావరకు ఒకేలా ఉంటాయి. చిన్నప్పుడు ఏదో డ్యామ్ చూసి అబ్బురపడటంతో మొదలవుతాయి. ఆ తర్వాత పనుల చిట్టా: స్టీల్ చెక్ చేశాను, బిల్లులు చూశాను, లేబర్‌ని మేనేజ్ చేశాను. ఆ చిట్టా ఎలాగూ రెజ్యూమెలో ఉంటుంది. నేను మాత్రం నా ఎస్‌ఓపీని రెండే ప్రశ్నల మీద కట్టాను. సైట్‌లో నాకు తగిలిన సమస్య ఏంటి? దానికి జవాబు సైట్‌లోనే ఎందుకు దొరకలేదు?

ఒకే ఒక్క సమస్య

మాది హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్. స్లాబులకు ఎం30 రెడీమిక్స్ కాంక్రీటు వచ్చేది. ఎండాకాలంలో ప్లాంట్ దగ్గర 150 మిల్లీమీటర్లున్న స్లంప్, మధ్యాహ్నం సైట్‌కి చేరేసరికి 90కి పడిపోయేది. స్లంప్ అంటే కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత. అది పడిపోతే పంపు మొరాయిస్తుంది. వెంటనే మేస్త్రీ నుంచి ఒకటే మాట: "సార్, మూడు బకెట్ల నీళ్లు కొట్టిద్దాం!"

ఆ నీళ్ల లెక్క ఎస్‌ఓపీలో రాశాను. 20 లీటర్ల బకెట్లు మూడంటే 60 లీటర్లు. బండిలో ఉండేది 6 క్యూబిక్ మీటర్లు. అంటే మీటరుకి 10 లీటర్లు ఎక్కువ. మా మిక్స్‌లో 360 కిలోల సిమెంటుకి 162 లీటర్ల నీళ్లు, నిష్పత్తి 0.45. ఆ బకెట్లు పడితే 0.48 దాకా పోతుంది. నిష్పత్తి పెరిగితే బలం తగ్గుతుంది, లోపల సన్న రంధ్రాలు పెరుగుతాయి. పైగా నీళ్లు పోయకముందే క్యూబులు తీసి ఉంటే అవి 28 రోజులకు హాయిగా పాసైపోతాయి. స్లాబులో ఉన్నది మాత్రం వేరే కాంక్రీటు!

అందుకే నీళ్లు ఆపించాం. ప్లాంట్ క్వాలిటీ ఇంజినీరు చెప్పిన మోతాదులో అడ్మిక్స్చర్ మాత్రమే వేయించాం. ప్రతి బండికీ నేను నాలుగు సంగతులు రాసుకున్నాను: బయల్దేరిన టైమ్, కాంక్రీటు దింపిన టైమ్, కాంక్రీటు ఉష్ణోగ్రత, స్లంప్. ఆ నోట్‌బుక్ చూశాకే ప్రాజెక్టు మేనేజరు స్లాబులను రాత్రికి మార్చారు. స్లంప్ పడిపోవడం బాగా తగ్గింది. నిర్ణయం ఆయనది, రికార్డు నాది. ఎస్‌ఓపీలోనూ అలాగే రాశాను. ఆయన రాసే రికమండేషన్ లెటర్‌తో నా మాట సరిపోవాలి కదా!

తేలనిదే అసలు పాయింట్

'సమస్య పరిష్కరించాను' అని ముగిస్తే అది ఉద్యోగానికి పనికొచ్చే కథ, చదువుకి కాదు. రాత్రిపూట ఎండా ఉండదు, ట్రాఫిక్కూ ఉండదు. మరి స్లంప్ నిలబడింది చల్లదనం వల్లా, బండి త్వరగా రావడం వల్లా? రెండూ ఒకేసారి మారాయి కాబట్టి నా నోట్‌బుక్ తేల్చలేదు. తేలాలంటే టైమ్ మార్చకుండా ఉష్ణోగ్రత ఒక్కటే మార్చి ల్యాబులో చూడాలి. ఆ సిమెంటుకీ, అడ్మిక్స్చర్‌కీ పొత్తు కుదురుతోందో లేదో కూడా పరీక్షించాలి. సైట్‌లో అది కుదరదు. నా ఎస్‌ఓపీలో 'మాస్టర్స్ ఎందుకు' అన్నదానికి జవాబు ఇదే.

బ్రాంచి దీంతోనే తేలుతుంది

ఈ ప్రశ్న నన్ను కన్‌స్ట్రక్షన్ మెటీరియల్స్ వైపు తీసుకెళ్లింది. ఇదే నోట్‌బుక్‌తో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌కి అప్లై చేస్తే అడగాల్సింది వేరు: బండ్లు ఎంత ఎడంతో బయల్దేరాలి, పంపు దగ్గర క్యూ ఎందుకవుతోంది, నీళ్లు కలపొద్దని ఆపే అధికారం ఎవరికుండాలి? స్ట్రక్చరల్‌కి ఈ కథ అంతగా అతకదు. దానికి వేరే అనుభవం వెతుక్కోవాలి. సైట్ చేశాం కదా అని అలవాటుగా మేనేజ్‌మెంట్ పెట్టేసే ముందు, మీ ప్రశ్న ఎటు చూస్తోందో గమనించండి.

యూనివర్సిటీ గురించి రాసే పేరాకి నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది. యూనివర్సిటీ పేరు తీసేసి ఇంకోటి పెట్టాను. అయినా పేరా అతికిందంటే కొట్టేసి మళ్లీ రాశాను. చివరికి మిగిలినవి రెండు: నా ప్రశ్నకి కావాల్సిన కోర్సు, ఆ పని జరుగుతున్న ల్యాబు. బ్యాక్‌లాగ్ సంగతి రెండు వాక్యాల్లో చెప్పేశాను. క్లయింటు పేరు, డ్రాయింగులు బయటపెట్టలేదు.

మీరింకా సైట్‌లోనే ఉంటే, రేపటి స్లాబుకి ఆ నాలుగు సంగతులు రాయడం మొదలుపెట్టండి. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామంటే, బండి ఎన్నింటికి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.