దిద్దిన ప్రకటన నిజంగా బాగుపడిందా?

ప్రకటన కోసం రాసిన చిత్తుప్రతిని దిద్దినవారికి దిద్దిన ప్రతి ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తుంది. ఆ మెరుగు నిజమా కాదా అని తేల్చుకోవడానికి ప్రకటనల రచయితలు ముఖ్యంగా రెండు పరీక్షలు వాడతారు. ఒకటి రీడబిలిటీ స్కోరు, రెండోది పైకి చదివించి వినడం. మొదటిదాన్ని యంత్రం క్షణంలో చెప్పేస్తుంది. రెండోదానికి ఇంకో మనిషి కావాలి.

రీడబిలిటీ స్కోర్లలో బాగా తెలిసినది రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ప్రకటించిన సూత్రం. అది ఇంగ్లిష్ కోసం పుట్టింది. 1975లో పీటర్ కిన్‌కెయిడ్ బృందం అమెరికా నౌకాదళం కోసం దాన్ని తరగతుల స్థాయిలోకి మార్చింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఈ రెండు అంకెలనూ చూపిస్తుంది. మూల సూత్రం ఇది:

```
206.835 − 1.015 × (పదాలు ÷ వాక్యాలు) − 84.6 × (అక్షరాలు ÷ పదాలు)
```

ఇందులో అక్షరమంటే ఒక్క ఊపులో పలికే ధ్వని. ఇంగ్లిష్‌లో 60 నుంచి 70 మధ్య వస్తే సామాన్య పాఠకుడికి అందే రచన అని లెక్క, 30 లోపు వస్తే చాలా కష్టం. వాక్యం ఎంత పొడవు, పదం ఎంత పొడవు అన్న రెండు విషయాలే ఈ సూత్రానికి తెలుసు. ఒక వాక్యంలోని పదాలను అడ్డదిడ్డంగా కలిపేసినా స్కోరు మారదు.

తెలుగుకు దీన్ని ఉన్నదున్నట్టు వాడితే ఫలితం నవ్వు తెప్పిస్తుంది. ఇంగ్లిష్‌లో రెండు మూడు పదాలుగా విడిపోయేది తెలుగులో విభక్తితో, ప్రత్యయంతో ఒకే పదమవుతుంది కాబట్టి పదానికి మూడు నాలుగు అక్షరాలు మామూలే. తేలికైన తెలుగు వాక్యం కూడా ఈ లెక్కలో తరచు సున్నా కిందికి జారిపోతుంది. అందుకని తెలుగులో సూత్రాన్ని పక్కనపెట్టి, అందులోని రెండు కొలతలనే విడిగా తీసుకోవడం మంచిది. వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని అక్షరాలు అని పాత ప్రతికీ కొత్త ప్రతికీ లెక్కకట్టి పోల్చాలి. ఒత్తులూ సున్నాలూ తమ అక్షరంతోనే లెక్కలోకి వస్తాయి గనుక చేత్తో లెక్కించడం కష్టమేమీ కాదు.

ఒక గానుగ నూనె దుకాణం కరపత్రం కోసం రాసిన వాక్యం ఇలా ఉందనుకుందాం:

"సంప్రదాయ పద్ధతిలో చెక్క గానుగపై తీయబడిన మా నువ్వుల నూనెను ఎటువంటి రసాయనాలూ కలపకుండా సహజసిద్ధంగా వడగట్టి, ఆర్డరు స్వీకరించిన రెండు రోజుల్లోగా వినియోగదారుల గృహాలకు చేరవేయడం జరుగుతుంది."

ఒకే వాక్యం, 21 పదాలు, 85 అక్షరాలు. పదానికి సగటున 4 అక్షరాలకు కాస్త పైనే. కొలతలను తగ్గించడమే పనిగా పెట్టుకున్నవారు దీన్ని ఇలా దిద్దవచ్చు:

"మా నువ్వుల నూనె ప్రత్యేకం. చెక్క గానుగ వాడతాం. రసాయనాలు ఉండవు. వడగడతాం. ఆర్డరు ఇవ్వండి. రెండు రోజులు చాలు. ఇంటికి వస్తుంది."

ఏడు వాక్యాలు, 17 పదాలు, 49 అక్షరాలు. వాక్యానికి రెండున్నర పదాలైనా లేవు. పదానికి 2.9 అక్షరాలు. అంకెల ప్రకారం ఇది గొప్ప విజయం. మూడో ప్రయత్నం ఇలా ఉంటుంది:

"నువ్వులను చెక్క గానుగలో ఆడించి నూనె తీస్తాం. వడగడతాం గానీ, రసాయనాలేవీ కలపం. ఆర్డరు అందిన రెండు రోజుల్లోగా డబ్బా మీ ఇంటికి చేరుతుంది."

మూడు వాక్యాలు, 18 పదాలు, 55 అక్షరాలు. వాక్యానికి 6 పదాలు, పదానికి 3.1 అక్షరాలు. మొదటి ప్రతి కంటే ఎంతో మెరుగే గానీ రెండోదాని ముందు అంకెల్లో ఓడిపోతుంది. అన్నట్టు, ఇంత తేటగా ఉన్న ఈ మూడో ప్రతికీ ఫ్లెష్ సూత్రం ఇచ్చే స్కోరు మైనస్ 58.

ఇక్కడ పైకి చదివించడం అక్కరకొస్తుంది. రాసినవారే చదువుకుంటే పెద్ద ప్రయోజనం లేదు. వాక్యం ఎక్కడికి వెళ్తోందో ముందే తెలుసు కాబట్టి నాలుక తడబడదు. ఆ ప్రతిని ఎన్నడూ చూడని మనిషికిచ్చి, ముందుగా మనసులో చదువుకోనివ్వకుండా, ఒకేసారి పైకి చదవమనాలి. వినేవారు ఇంకో కాపీ పట్టుకుని గుర్తులు పెట్టుకోవాలి: ఎక్కడ ఆగారు, ఏ ముక్క వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, ఏ పదానికి బదులు ఇంకో పదం పలికారు. ఈ చివరి గుర్తు చాలా విలువైనది. "గృహాలకు" అని ఉన్నచోట చదివే మనిషి తనకు తెలియకుండానే "ఇళ్లకు" అన్నాడంటే దిద్దుబాటును ఆయనే చేసిపెట్టినట్టు.

పాత ప్రతినీ కొత్త ప్రతినీ ఒకే మనిషితో వరసగా చదివించకూడదు. విషయం అప్పటికే తెలిసిపోతుంది కాబట్టి రెండోసారి చదివింది ఏదైనా సాఫీగానే సాగుతుంది. ప్రతికో మనిషి ఉండాలి, తమ చేతిలోది పాతదో కొత్తదో వారికి చెప్పకూడదు. చదవడం అయ్యాక కాగితం తీసేసుకుని, ఆ దుకాణం ఏం చెబుతోందని అడగాలి.

గానుగ నూనె ప్రతులను ఇలా పరీక్షిస్తే దొరికే లోపాలు వేరువేరు. మొదటిదాంట్లో "వడగట్టి" దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, చివర "చేరవేయడం జరుగుతుంది" అన్నప్పుడు గొంతులో ఉత్సాహం ఉండదు. రెండోదాంట్లో ఎక్కడా తడబాటు రాదు గానీ, ప్రతి వాక్యం దగ్గరా గొంతు పడిపోయి చదువు కుదుపులుగా సాగుతుంది. పైగా "రెండు రోజులు చాలు" దేనికో, "ఇంటికి వస్తుంది" అన్నది ఏమిటో తిరిగి చెప్పమంటే తికమక తప్పదు. మూలంలోని "రెండు రోజుల్లోగా" అన్న గట్టి మాట అక్కడ నీరుగారిపోయింది. దానికన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. "రసాయనాలు కలపకుండా" అన్నది "రసాయనాలు ఉండవు" అయింది. దుకాణం తన పని గురించి చెప్పిన మాట కాస్తా నూనె గురించిన హామీగా మారిపోయింది. ఇలాంటి మార్పును స్కోరు పట్టుకోలేదు, చెవి కూడా తరచు వదిలేస్తుంది. అందుకే తిరిగి చెప్పించడాన్ని విడిచిపెట్టకూడదు.

రెండు పరీక్షలూ విభేదిస్తే చెవి మాటకే విలువివ్వాలి. ముఖ్యంగా పది ఇరవై పదాల ప్రతుల్లో అంకెను నమ్మడానికి లేదు, ఒక్క చుక్క చేర్చినా అది ఎగిరిపోతుంది. "రూ. 250"లోని చుక్కను కూడా కొన్ని పరికరాలు వాక్యం ముగింపుగా లెక్కిస్తాయి. "రసాయనాలేవీ" అన్నదాన్ని "రసాయనాలు ఏవీ" అని విడదీస్తే పదం సగటు పొడవు తగ్గుతుంది, చదివేవారికి మాత్రం ఏ తేడా ఉండదు. పేజీలకొద్దీ ఉండే బ్రోచర్లలో స్కోరుకు మంచి ఉపయోగం ఉంది. ఏ పేరా మిగతావాటికంటే బరువుగా ఉందో అది చప్పున చూపిస్తుంది, ఆ పేరానే పైకి చదివిస్తే సరిపోతుంది.

అయితే చెవికీ మోసపోయే గుణం ఉంది. మంచి గొంతున్న మనిషి చదివితే నాసిరకం వాక్యం కూడా నిలబడుతుంది. అంత్యప్రాసలు వినడానికి ఇంపుగా ఉంటాయి, సరుకు గురించి ఒక్క ముక్క చెప్పకపోవచ్చు. కంఠానికి పేరున్నవారి కంటే ఆ నూనె కొనే మనిషితో చదివించడమే మేలు.

ఈ రెండు పరీక్షలూ ప్రకటన అర్థమయిందా లేదా అన్నంతవరకే చెబుతాయి. ఏ ప్రతికి ఎక్కువ ఆర్డర్లు వస్తాయో తెలియాలంటే రెండు ప్రతులనూ అచ్చువేసి, ఒక్కోదాని మీద వేరే ఫోన్ నంబరు పెట్టి, ఒకే వారంలో ఒకే పేటలో ఇంటి విడిచి ఇంటికి పంచి, ఏ నంబరుకు ఎన్ని ఆర్డర్లు వచ్చాయో లెక్కపెట్టాల్సిందే.